కొనుగోలు ధరలు పెరిగేటప్పుడు ఫిఫో లాభం ఎంతకాలం ఎక్కువగా ఉంటుంది?

కొనుగోలు ధరలు పెరిగితే, ముందు కొన్న సరుకు ఖర్చును ముందు లెక్కలోకి తీసుకునే ఫిఫో పద్ధతిలో స్థూల లాభం ఎక్కువ కనిపిస్తుందని, మొత్తం ఖర్చును యూనిట్లన్నింటికీ సమానంగా పంచే భారిత సగటు పద్ధతిలో తక్కువ కనిపిస్తుందని అకౌంటింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఈ మాట తప్పు కాదు, కానీ సగమే నిజం. తరగతి గదిలో ఇచ్చే లెక్కల్లో రెండు పద్ధతులకూ ఒకే ప్రారంభ సరుకు, ఒకే విలువతో ఉంటుంది. ఒక నెలో, ఒక ఏడాదో లెక్క కట్టి, తేడా చూపించి, అక్కడితో ఆపేస్తారు. నడుస్తున్న వ్యాపారంలో అలా జరగదు. ఈ కాలం ముగింపు సరుకే వచ్చే కాలానికి ప్రారంభ సరుకు అవుతుంది, దాంతోపాటు రెండు పద్ధతుల మధ్య తేడా కూడా ముందుకు వెళ్తుంది. అదే లెక్కను ఇంకో కాలానికి పొడిగించి చూస్తే, ధరలు పెరుగుతూ ఉన్నా ఫిఫో ఆధిక్యం కరిగిపోవచ్చని, ధరలు పెరగడం ఆగితే సగటు పద్ధతే ఎక్కువ లాభం చూపిస్తుందని తెలుస్తుంది.

ఒకే రకం వస్తువును కొని అమ్మే సంస్థను తీసుకుందాం. త్రైమాసికం మొదట్లో దాని దగ్గర 1,000 యూనిట్లు ఉన్నాయి, ఒక్కోటి 100కి కొన్నవి. ఆ తర్వాత 1,000 యూనిట్లు 110 చొప్పున, ఇంకొన్నాళ్లకు 2,000 యూనిట్లు 120 చొప్పున కొన్నది. మొత్తం 4,000 యూనిట్లు, వాటి ఖర్చు 4,50,000. వీటిలో 3,000 యూనిట్లను 150 చొప్పున అమ్మింది కాబట్టి అమ్మకాలు కూడా 4,50,000. గోదాములో 1,000 యూనిట్లు మిగిలాయి.

ఫిఫో అంటే ముందు వచ్చిన సరుకు ముందు పోయినట్టు లెక్క కట్టడం. గోదాములోంచి నిజంగా ఏ పెట్టె బయటికి వెళ్లిందన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఏ ఖర్చు అమ్మకాల మీద పడుతుందన్నదే ప్రశ్న. అమ్మిన 3,000 యూనిట్లకు వరుసగా 100 ధరవి వెయ్యి, 110 ధరవి వెయ్యి, 120 ధరవి వెయ్యి పోతాయి. అమ్మిన సరుకు ఖర్చు 3,30,000, స్థూల లాభం 1,20,000. అమ్మకాల్లో ఇది 26.7 శాతం. మిగిలిన వెయ్యి యూనిట్లు తాజా ధర 120 చొప్పున 1,20,000కి ముగింపు సరుకుగా నిలుస్తాయి.

భారిత సగటులో 4,50,000ను 4,000తో భాగించాలి. యూనిట్‌కు 112.50 వస్తుంది. అమ్మిన సరుకు ఖర్చు 3,37,500, స్థూల లాభం 1,12,500, అంటే సరిగ్గా 25 శాతం. ముగింపు సరుకు 1,12,500. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మూడు ధరలనూ కూడి మూడుతో భాగించడం. అలా చేస్తే 110 వస్తుంది. కానీ 120 ధరకు కొన్న సరుకు మిగతా వాటికి రెట్టింపు ఉంది కాబట్టి దాని బరువు లెక్కలోకి రావాలి, 'భారిత' అన్నది అందుకే.

లాభంలో తేడా 7,500. ముగింపు సరుకు విలువలో తేడా కూడా 7,500. ఈ రెండూ సమానం కావడం యాదృచ్ఛికం కాదు. కొన్న ఖర్చు మొత్తం 4,50,000లో మార్పు లేదు, దాన్ని అమ్మిన సరుకుకు, మిగిలిన సరుకుకు మధ్య పంచడమే పద్ధతి చేసే పని. ఒక వైపు తగ్గించిన ప్రతి పైసా రెండో వైపు చేరుతుంది. సరఫరాదారుకు చెల్లించిన డబ్బు, కొనుగోలుదారు నుంచి వచ్చిన డబ్బు రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. పన్ను చెల్లించే సమయం మారితే తప్ప నగదు మీద పద్ధతి ప్రభావం ఉండదు.

ఈ రెండు లాభాల్లో ఏది నిజానికి దగ్గర? సగటు పద్ధతి తక్కువ చూపిస్తోంది కాబట్టి అదే జాగ్రత్తైనది, అదే నమ్మదగినది అని తేల్చేసేవారున్నారు. మూడో లెక్క ఒకటి పక్కన పెట్టి చూస్తే ఆ తీర్పు నిలబడదు. అమ్మిన ప్రతి యూనిట్ స్థానంలో కొత్తది తేవాలంటే ఇప్పుడు 120 పెట్టాలి. ఆ ధరతో చూస్తే యూనిట్‌కు 30 చొప్పున 3,000 యూనిట్ల మీద మిగిలేది 90,000, అమ్మకాల్లో 20 శాతం. ఈ వ్యాపారం ఇవే ధరల్లో మున్ముందు సంపాదించగలిగేది అంతే. ఫిఫో చూపిన 1,20,000లో మిగతా 30,000, ధర పెరగకముందే సరుకు కొని ఉంచుకోవడం వల్ల వచ్చిన లాభం. సగటు చూపిన 1,12,500లో ఆ రకం లాభం 22,500 ఉంది. అంటే రెండు పద్ధతులూ పాత చౌక సరుకు వల్ల వచ్చిన లాభాన్ని స్థూల లాభంలో కలిపేస్తున్నాయి. ఫిఫో వెంటనే, పూర్తిగా కలుపుతుంది. సగటు కొంత ఇప్పుడు చూపి, మిగతాది సరుకు విలువలో దాచి తర్వాతి కాలాలకు పంపుతుంది.

తర్వాతి త్రైమాసికంలో ధర 120 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. సంస్థ 3,000 యూనిట్లు 120 చొప్పున 3,60,000కి కొని, 3,000 యూనిట్లు మళ్లీ 150కే అమ్మింది. మిగిలేది మళ్లీ వెయ్యి యూనిట్లు.

ఫిఫోలో పాత సరుకూ 120దే, కొత్తదీ 120దే. అమ్మిన సరుకు ఖర్చు 3,60,000, స్థూల లాభం 90,000, అంటే 20 శాతం. సగటు పద్ధతిలో ప్రారంభ సరుకు 1,12,500, కొనుగోళ్లు 3,60,000, కలిపి 4,72,500. నాలుగు వేలతో భాగిస్తే యూనిట్‌కు 118.125. అమ్మిన సరుకు ఖర్చు 3,54,375, స్థూల లాభం 95,625, అంటే 21.25 శాతం. ముగింపు సరుకు 1,18,125.

ఈసారి సగటు పద్ధతి లాభం 5,625 ఎక్కువ. ధరలు ఒక్క పైసా తగ్గలేదు. ప్రారంభంలో రెండు పద్ధతుల సరుకు విలువల మధ్య 7,500 తేడా ఉంది, చివరికి అది 1,875కి తగ్గింది. ఆ తగ్గిన 5,625 సగటు పద్ధతి లాభంలోకి వచ్చి చేరింది. ఇక్కడి నుంచి ఒక సూత్రం రాసుకోవచ్చు:

ఫిఫో లాభం − సగటు లాభం = ముగింపు సరుకు విలువల తేడా − ప్రారంభ సరుకు విలువల తేడా

రెండు తేడాలనూ ఫిఫో విలువలోంచి సగటు విలువ తీసివేసి కట్టాలి. మొదటి త్రైమాసికంలో ప్రారంభ తేడా సున్నా కాబట్టే 7,500 మొత్తం లాభంలో కనబడింది. పాఠ్య లెక్కలు ఎప్పుడూ ఈ ప్రత్యేక పరిస్థితినే చూపిస్తాయి.

ఈ రెండో త్రైమాసికం ఫలితాన్ని ఫిఫో వాడే సంస్థలో ఎవరైనా చూస్తే ఎలా అర్థం చేసుకుంటారో ఆలోచించాలి. స్థూల లాభ శాతం 26.7 నుంచి 20కి పడింది. అమ్మకాలు తగ్గలేదు, అమ్మకపు ధర తగ్గలేదు, కొనుగోలు ధర కూడా త్రైమాసికమంతా కదల్లేదు. అయినా లాభం నాలుగో వంతు పోయింది. టెన్షన్ పడి అమ్మకాల విభాగాన్ని నిలదీయడం సహజంగా జరిగే పనే, కానీ అక్కడ దొరికేది ఏమీ ఉండదు. తప్పు ఏదైనా ఉంటే అది అంతకుముందు త్రైమాసికంలో 26.7 శాతాన్ని వ్యాపారపు అసలు మార్జిన్‌గా నమ్మడంలో ఉంది. ఆ శాతం చూసి డిస్కౌంట్లు ప్రకటించి ఉంటే, బోనస్‌లు నిర్ణయించి ఉంటే నష్టం అప్పటికే జరిగిపోయింది. ధరలు పెరిగే కాలంలో అమ్మకపు ధరను పుస్తకాల్లోని ఖర్చు మీద కాకుండా మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు మీద కట్టాలని అనుభవమున్న కాస్ట్ అకౌంటెంట్లు పట్టుబట్టేది ఇందుకే.

ధరలు ఆగకుండా పెరుగుతూనే ఉంటే? అదే రెండో త్రైమాసికాన్ని మరోలా చూద్దాం. ఈసారి 1,000 యూనిట్లు 130కి, 2,000 యూనిట్లు 140కి కొన్నారు. మొదటి త్రైమాసికంలో ధర ఎంత పెరిగిందో ఇప్పుడూ అంతే పెరిగింది. అమ్మకపు ధరను 170కి పెంచారు, 3,000 యూనిట్లకు 5,10,000 వచ్చింది.

ఫిఫోలో అమ్మిన సరుకు ఖర్చు 120, 130, 140 ధరల మీద వెయ్యేసి చొప్పున 3,90,000. లాభం మళ్లీ 1,20,000. సగటులో 1,12,500కు 4,10,000 కలిపితే 5,22,500, యూనిట్‌కు 130.625. అమ్మిన సరుకు ఖర్చు 3,91,875, లాభం 1,18,125. తేడా 1,875 మాత్రమే. మొదటి త్రైమాసికంలో 7,500 తేడా తెచ్చిన అదే ధరల వేగం ఈసారి అందులో నాలుగో వంతు తేడానే తెచ్చింది. సరుకు విలువల్లో మాత్రం తేడా పెరిగింది. ఫిఫో ముగింపు సరుకు 1,40,000, సగటుది 1,30,625, మధ్య దూరం 9,375. సూత్రంలో పెడితే 9,375 లోంచి 7,500 పోగా 1,875.

ఇంకో త్రైమాసికం ఇదే వేగంతో, ఇవే పరిమాణాలతో నడిస్తే సరుకు విలువల తేడా 9,843.75కి చేరుతుంది, లాభాల్లో తేడా 468.75కి కుంచించుకుపోతుంది. సరుకు విలువల తేడా 10,000 దగ్గర స్థిరపడుతుంది, లాభాల తేడా సున్నా వైపు వెళ్తుంది. ధరలు ఒకే మొత్తంలో కాకుండా ఒకే శాతంలో పెరిగితే తేడా పూర్తిగా మాయం కాదు, ఎందుకంటే ప్రతిసారీ పెరుగుదల కాస్త పెద్దదవుతుంది. అప్పుడు కూడా అమ్మకాల్లో వంతుగా చూస్తే లాభాల తేడా మొదటి కాలంలో కనిపించినంత ఉండదు. కాబట్టి ఫిఫో లాభాన్ని పెంచేది ధరలు పెరగడం కాదు, రెండు పద్ధతుల సరుకు విలువల మధ్య దూరం పెరగడం. ధరల వేగం హఠాత్తుగా పెరిగినప్పుడు, లేదా గోదాములో నిల్వ పరిమాణం పెరుగుతున్నప్పుడు ఆ దూరం పెరుగుతుంది. ధర ప్రతిసారీ ఒకే మొత్తంలో పెరుగుతూ ఉంటే కొన్నాళ్లకు దూరం ఉంటుంది గానీ దాదాపు పెరగదు.

ఈ దూరం ఎంత త్వరగా కరుగుతుందన్నది నిల్వ ఎంత వేగంగా తిరుగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. మన ఉదాహరణలో అమ్మకానికి ఉన్న సరుకులో నాలుగో వంతు మిగులుతోంది. అందుకే ధర నిలిచిపోయాక తేడా 7,500 నుంచి సరిగ్గా నాలుగో వంతుకు, అంటే 1,875కి దిగింది. ఇరవయ్యో వంతు మాత్రమే మిగుల్చుకునే సంస్థలో ఒక్క కాలంలోనే అది ఇరవయ్యో వంతుకు పడిపోతుంది, పద్ధతి ఏదైనా లాభం దాదాపు ఒకటే. సగం సరుకు నిల్వ ఉండే చోట మాత్రం పాత ధరలు సగటులో చాలాకాలం పట్టుకుని ఉంటాయి. మరి ఎప్పుడైనా గోదాము పూర్తిగా ఖాళీ అయితే? ముగింపు తేడా సున్నా అవుతుంది, అప్పటిదాకా పేరుకున్న దూరమంతా ఆ ఒక్క కాలంలోనే సగటు పద్ధతి లాభంలోకి వస్తుంది.

ఇంతవరకూ చెప్పిన సగటు, కాలం చివర ఒక్కసారి కట్టేది. ఇందులో అమ్మకం జరిగిన తర్వాత కొన్న సరుకు ధర కూడా ఆ అమ్మకం ఖర్చులోకి చేరుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు వాడేది చర సగటు, అంటే సరుకు వచ్చిన ప్రతిసారీ సగటును కొత్తగా కట్టడం. మొదటి త్రైమాసికంలో 110 ధర సరుకు రాగానే సగటు 105 అవుతుంది. అప్పుడు 1,000 యూనిట్లు అమ్మితే ఖర్చు 1,05,000. తర్వాత 120 ధరకు 2,000 యూనిట్లు వస్తే చేతిలో ఉన్న 3,000 యూనిట్ల సగటు 115. మిగతా 2,000 యూనిట్ల అమ్మకానికి ఖర్చు 2,30,000. మొత్తం ఖర్చు 3,35,000, లాభం 1,15,000. అంటే సగటు అన్న ఒకే పేరు కింద 1,12,500 కూడా రావచ్చు, 1,15,000 కూడా రావచ్చు. ఫిఫోకు ఈ ఇబ్బంది లేదు, అమ్మినప్పుడల్లా లెక్క కట్టినా చివర్లో ఒకేసారి కట్టినా జవాబు మారదు.

చర సగటులో ఎక్కువగా జరిగే తప్పు ఖర్చుల నమోదు ఆలస్యం వల్ల వస్తుంది. 2,000 యూనిట్ల రవాణాకు 6,000 అయిందనుకుందాం. సకాలంలో నమోదైతే 3,000 యూనిట్ల మీద పడి సగటు 117 అవుతుంది, అమ్మిన 2,000 యూనిట్ల వంతు 4,000 ఖర్చులోకి వెళ్తుంది. ఆ బిల్లును 2,000 యూనిట్లు అమ్ముడుపోయాక ఎక్కించి మొత్తాన్నీ మిగిలిన సరుకు మీద వేస్తే సగటు 121 అవుతుంది. స్థూల లాభం 4,000 ఎక్కువ కనిపిస్తుంది, సరుకు విలువ కూడా అంతే ఉబ్బుతుంది. కొత్త సరుకు రాకుండానే యూనిట్ సగటు 115 నుంచి 121కి ఎగబాకిన రోజు కోసం స్టాకు రిజిస్టరులో వెతికితే ఇలాంటివి బయటపడతాయి.

ధరలు పెరిగి, తర్వాత పడిపోతే మరో నియమం అడ్డొస్తుంది. సరుకును దాని ఖర్చుకు గానీ, నికర వసూలు విలువకు గానీ, ఏది తక్కువైతే దానికి చూపించాలి. నికర వసూలు విలువ అంటే అమ్మితే వచ్చే ధరలోంచి అమ్మకపు ఖర్చులు పోగా చేతికొచ్చేది. మొదటి త్రైమాసికం చివర మార్కెట్ కుప్పకూలి ఈ విలువ యూనిట్‌కు 115కి దిగితే, ఫిఫోలో 120 దగ్గర ఉన్న వెయ్యి యూనిట్ల మీద 5,000 తగ్గించి నష్టంగా రాయాలి. సగటులో 112.50 దగ్గర ఉన్న సరుకుకు అలాంటిదేమీ అవసరం లేదు. రెండు పద్ధతుల మధ్య 7,500 దూరం 2,500కి పడిపోతుంది. ధరలు ఎక్కినప్పుడు లాభాన్ని ముందే చూపినట్టే, ధరలు దిగినప్పుడు నష్టాన్ని కూడా ఫిఫోయే ముందు చూపిస్తుంది.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ఈ రెండు పద్ధతులనూ అనుమతిస్తుంది. చివర వచ్చింది ముందు పోయే లిఫో పద్ధతిని 2003 సవరణలో తీసేసింది. ఒకే స్వభావం, ఒకే వాడకం ఉన్న సరుకులన్నింటికీ ఒకే పద్ధతి వాడాలని కూడా అంటుంది, గోదాము వేరే ఊళ్లో ఉందన్నది పద్ధతి మార్చడానికి కారణం కాదు. లాభం తగ్గిందని ఈ ఏడాది సగటులోంచి ఫిఫోకు దూకడం కూడా కుదరదు. పద్ధతి మార్చాలంటే దానివల్ల సమాచారం మరింత ఉపయోగపడేలా మారుతుందని చూపించగలగాలి, పాత ఏడాది అంకెలనూ కొత్త పద్ధతిలో తిరగరాయాలి. అలా తిరగరాస్తే ప్రారంభ తేడా పాత లాభాల్లోకి వెళ్లిపోతుంది, ఈ ఏడాది లాభంలో దాక్కోదు.

రెండు సంస్థలను పోల్చే పెట్టుబడిదారు మొదట తెరవాల్సింది అకౌంటింగ్ విధానాల నోటు. ఒకటి ఫిఫో, ఇంకొకటి సగటు అయితే స్థూల లాభ శాతాలను పక్కపక్కన పెట్టే ముందు సర్దుబాటు కావాలి. సగటు వాడే సంస్థ ముగింపు సరుకు పరిమాణం తెలిస్తే, దాన్ని ఇటీవలి కొనుగోలు ధరతో గుణించి ఫిఫో విలువకు దగ్గరి అంచనా కట్టవచ్చు. ఆ మిగిలిన పరిమాణం చివరి కొనుగోళ్లలోంచే వచ్చిందా, ఇంకా వెనక్కి వెళ్లాలా అన్నది మాత్రం చూసుకోవాలి. ఇదే అంచనాను ప్రారంభ సరుకుకు కూడా కట్టి, రెండింటి మధ్య మార్పును మాత్రమే సగటు లాభానికి కలపాలి. ఈ రెండో మెట్టును చాలామంది మర్చిపోతారు. ప్రారంభ తేడాను వదిలేసి ముగింపు తేడా ఒక్కదాన్నే లాభానికి కలిపితే, పైన ధరలు పెరుగుతూ పోయిన త్రైమాసికంలో 1,875 రావాల్సిన చోట 9,375 వస్తుంది.